పొడుగు మెయిల్‌కి జవాబు పైన రాయాలా, ప్రశ్నల మధ్యలో రాయాలా?

ప్రశ్న: నేను కాకినాడలో సైట్ ఇంజనీర్‌ని. ఇల్లు కట్టించుకుంటున్న క్లయింట్ న్యూజెర్సీలో ఉంటారు. వారానికోసారి రెండు పేజీల మెయిల్ పెడతారు, అందులో ఏడెనిమిది ప్రశ్నలుంటాయి. నేను పాత మెయిల్‌ని కింద అలాగే ఉంచి పైన జవాబు రాస్తాను, మా బాస్ కూడా అలాగే రాయమంటారు. క్లయింటేమో "ఇన్‌లైన్‌లో రాయండి, ఏ జవాబు దేనికో తెలియట్లేదు" అంటున్నారు. పొడుగు మెయిల్స్‌కి ఏది కరెక్ట్?

జవాబు:

మీ విషయంలో క్లయింట్ చెప్పిందే సరైనది, చిన్న సవరణతో. పైన నాలుగైదు వాక్యాల్లో ముఖ్యమైన సంగతి చెప్పి, మిగతా జవాబులు ఆయన ప్రశ్నల కింద ఒక్కొక్కటిగా రాయండి. ఆయన మెయిల్‌లో మీకు పని లేని భాగం తీసేయండి. ఈ పద్ధతిలో మీ బాస్ కోరుకున్నదీ ఉంటుంది, ఎందుకంటే మెయిల్ తెరవగానే పైన కనిపించేది మీ మాటే.

అయితే దీన్ని "పొడుగు మెయిల్ అంటే ఇన్‌లైన్" అని గుర్తుపెట్టుకోకండి. పొడవు చూసి పద్ధతి ఎంచుకుంటే సగం సార్లు తప్పుతుంది. చూడాల్సినవి రెండు: మెయిల్‌లో విడివిడి ప్రశ్నలు ఎన్ని ఉన్నాయి, వాటిలో ఒకదాని జవాబు ఇంకోదాని మీద ఆధారపడిందా. ఎనిమిది విడి ప్రశ్నలున్న అర పేజీ మెయిల్‌కి ఇన్‌లైన్ కావాలి. ఒకే వాదన ఉన్న మూడు పేజీల మెయిల్‌కి ఇన్‌లైన్ పనికిరాదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

పైన రాసే అలవాటు మనకు ఎక్కడినుంచి వచ్చిందంటే, అవుట్‌లుక్, జీమెయిల్ రెండూ రిప్లై నొక్కగానే కర్సర్‌ని పైనే పెడతాయి. కర్సర్ ఉన్నచోట రాస్తాం, పాత మెయిల్ కింద పేరుకుంటూ పోతుంది. ఆఫీసుల్లో ట్రెయిల్ మెయిల్ అనేది అదే. దానివల్ల నిజమైన లాభాలు కూడా ఉన్నాయి. మధ్యలో కొత్త మనిషిని సీసీలో కలిపితే కథంతా కింద దొరుకుతుంది. "ఓకే, గురువారం రండి" లాంటి ఒక్క వాక్యపు జవాబుకి దాన్ని మించింది లేదు. ఫోన్‌లో చదివేవాళ్లకి వేలితో తోయాల్సిన పని కూడా ఉండదు.

ఇంటర్నెట్ తొలి రోజుల్లో ఇది ఇలా లేదు. కోట్ చేసిన లైన్ల ముందు > గుర్తు పెట్టి, దాని కింద జవాబు రాయడమే మర్యాద. యూజ్‌నెట్ అనే పాత చర్చా వేదికలో కొన్ని ప్రోగ్రాములు కొత్తగా రాసినదానికంటే కోట్ చేసింది ఎక్కువగా ఉంటే పోస్టును తిప్పికొట్టేవి. ఆ నియమం ఈరోజు మన ఆఫీసుల్లో పెడితే సగం మెయిల్స్ బయటికి పోవు! 1995లో వచ్చిన RFC 1855 అనే మర్యాదల పత్రం మాత్రం మధ్యేమార్గంగా చెప్పింది: జవాబిస్తున్నప్పుడు అసలు సందేశం సారాంశం పైన రాయండి, లేదా సందర్భం తెలిసేంత మేరకే పాత వాక్యాలు ఉంచండి అని. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ వాళ్లు ప్యాచ్‌లు, అంటే కోడ్ మార్పులు, పంపేవాళ్లకి ఇచ్చే సూచనల్లో ఇప్పటికీ పైన రాయొద్దని, అనవసరమైన కోట్‌ని కత్తిరించి మధ్యలో రాయమని ఉంటుంది. కారణం సులువు. ఆరు వందల లైన్ల కోడ్‌లో నలభయ్యో లైన్ గురించి మాట్లాడాలంటే ఆ లైన్ కిందే మాట్లాడాలి.

మీ మెయిల్స్‌కి వద్దాం. ఎనిమిది ప్రశ్నలకు పైన పేరాగా జవాబు రాస్తే రెండు నష్టాలు. ఒకటి, "మీరు బోరు గురించి అడిగారు కదా", "మెట్ల విషయానికొస్తే", "మీ నాలుగో ప్రశ్నకి" అని ప్రతి చోటా ఆయన ప్రశ్నని మళ్లీ మీరే చెప్పాల్సి వస్తుంది. రాస్తుండగా అలాంటి వాక్యం మూడోసారి వచ్చిందంటే ఆపేసి ఇన్‌లైన్‌కి మారిపోండి. అంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు. రెండోది ఇంకా ఖరీదైంది. ప్రశ్న కళ్లెదురుగా ఉండదు కాబట్టి ఒకటో రెండో జారిపోతాయి. జారిపోయాయని మీకు తెలియదు. మీరు కావాలనే చెప్పలేదేమో అని ఆయనకి అనుమానం. పైగా న్యూజెర్సీ మనకంటే ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక. ఒక్క ప్రశ్న మిస్సయితే ఆయన మళ్లీ అడిగి, మీరు మళ్లీ చెప్పేసరికి ఒక రోజు పోతుంది. స్లాబ్ ముందు వారంలో ఆ ఒక్క రోజు సైట్‌లో ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆయన మెయిల్ ఇలా ఉందనుకుందాం. స్లాబ్ ఎప్పుడు వేస్తారు, సపోర్టులు ఎన్ని రోజులకు తీస్తారు అని అడిగారు. బోరు నీళ్లు టెస్ట్ చేయించారా అన్నారు. గత నెల స్టీలు బిల్లులు రాలేదన్నారు. బాత్రూమ్ టైల్స్ గురించి ఒక పెద్ద పేరా రాశారు. చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు, "మెట్లు ఇంటి లోపల కాకుండా బయట పెడితే ఎలా ఉంటుంది?" అని ఒక్క వాక్యం.

ఇన్‌లైన్‌లో వరసగా రాసుకుంటూ పోతే మెట్ల జవాబు అట్టడుగున వస్తుంది. కానీ ఆ మెయిల్‌లో అసలు విషయం అదే. మెట్లు బయటికి పోతే స్లాబ్‌లో వదలాల్సిన ఖాళీ ఉండదు, స్టీలు డ్రాయింగ్ మారుతుంది, స్లాబ్ తేదీ మారుతుంది. ఇన్‌లైన్ పద్ధతిలో ఉన్న లోపం ఇదే. అవతలివాళ్లు ఏ వరసలో రాశారో మీరూ ఆ వరసలోనే నడవాలి, ఏది ముఖ్యమో ఆ వరస చెప్పదు. అందుకే మిగతా జవాబుల్ని కదిలించే జవాబు ఏదైనా ఉంటే దాన్ని తీసి పైన పెట్టాలి. మిగతావి ఎక్కడివక్కడే.

```
నమస్తే సార్,

ముందు మెట్ల సంగతి. బయటికి మార్చవచ్చు. కానీ స్లాబ్ స్టీలు
కట్టకముందే తేలాలి. మీరు ఈ శుక్రవారంలోపు చెప్తే స్లాబ్ తేదీ
మారదు. ఆ తర్వాతైతే కనీసం వారం వెనక్కి పోతుంది.
మిగతా జవాబులు కింద మీ ప్రశ్నల మధ్యలో ఉన్నాయి. బిల్లుల
దగ్గర నేను కూడా మిమ్మల్ని ఒకటి అడిగాను.

> స్లాబ్ ఎప్పుడు వేస్తారు? సపోర్టులు ఎన్ని రోజులకు తీస్తారు?

మెట్లు తేలితే 18వ తేదీ. హాల్ స్పాన్ 4.5 మీటర్లు దాటింది
కాబట్టి అక్కడ 14 రోజులు ఉంచుతాం. చిన్న గదుల కింద
7 రోజులకు ముందు తీయం.

> బోరు నీళ్లు టెస్ట్ చేయించారా?

ఇంకా లేదు. సోమవారం శాంపిల్ ఇస్తాం.

> గత నెల స్టీలు బిల్లులు నాకు రాలేదు.

రెండు బిల్లులు జత చేశాను. రెండోది మీ పేరు మీద కాకుండా
మీ నాన్నగారి పేరు మీద ఉంది. మార్పించమంటారా?

> [...]

టైల్స్ పేరా చదివాను సార్. స్లాబ్ అయ్యాక దానికి
విడిగా మెయిల్ పెడతాను.
```

ఇందులో నాలుగు చిన్న పనులు ఉన్నాయి, ఒక్కోటీ ఎందుకో చెప్తాను.

జవాబులు కింద ఉన్నాయని పైనే చెప్పాం. ఈ వాక్యం లేకపోతే చాలామంది పైన మూడు లైన్లు చదివి అంతే అనుకుని మూసేస్తారు. జీమెయిల్ పాత మెయిల్‌ని మూడు చుక్కల వెనక దాచేస్తుందని అందరికీ అలవాటు కదా, కింద ఉన్నదంతా పాతదే అని కళ్లు తీర్మానించేస్తాయి. అలాగే కింద మీరు ఎదురు ప్రశ్న ఏదైనా వేస్తే దాని సంగతి కూడా పైన ఒక ముక్క చెప్పాలి. మధ్యలో పాతిపెట్టిన ఎదురు ప్రశ్నకి జవాబు రావడం అరుదు.

టైల్స్ పేరా మొత్తం తీసేసి [...] పెట్టాం, కింద దాన్ని ఎందుకు వదిలామో రాశాం. ఇన్‌లైన్‌లో తీసేయడం సగం పని. నలభై లైన్ల కోట్ మధ్యలో ఒక్క లైన్ జవాబు ఉంటే దాన్ని వెతుక్కోవడం చదివేవాళ్ల పని అవుతుంది, అప్పుడు పైన రాయడమే నయం. ప్రశ్న అర్థం కావడానికి కావలసిన ఒకటి రెండు వాక్యాలు ఉంచండి, చాలు. పలకరింపులు, సంతకాలు, కంపెనీ లోగోలు, "ఈ మెయిల్ రహస్యం" అనే పేరా, అన్నీ తీసేయండి. అసలు మెయిల్ ఎక్కడికీ పోదు, ఆయన సెంట్ ఫోల్డర్‌లోనూ మీ ఇన్‌బాక్స్‌లోనూ భద్రంగా ఉంటుంది.

కానీ ఉంచిన వాక్యంలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. ఆయన స్పెల్లింగ్ తప్పు ఉన్నా సరే. తీసేయొచ్చు, తీసినచోట గుర్తు పెట్టొచ్చు, దిద్దకూడదు. డబ్బు లావాదేవీ ఉన్న మెయిల్స్‌లో ఇది మరీ ముఖ్యం. "చూద్దాం, మారుస్తే ఎంత అవుతుందో చెప్పండి" అని ఆయన రాస్తే, అందులో "చూద్దాం" వరకే ఉంచి మిగతాది కత్తిరిస్తే అర్థమే మారిపోతుంది. కత్తిరించేటప్పుడు వాక్యం మధ్యలో కాకుండా వాక్యం చివరే కత్తిరించండి.

నాలుగోది, జవాబుకి ముందూ వెనకా ఒక ఖాళీ లైన్. చిన్న విషయంలా ఉంటుంది కానీ ఫోన్‌లో ఎవరి మాట ఎక్కడ మొదలైందో చెప్పేది అదే.

ఇప్పుడు ఇన్‌లైన్ పనికిరాని పొడుగు మెయిల్ గురించి. మీ క్లయింట్ ఒకరోజు కోపంగా రాశారనుకోండి. పని ఆలస్యమవుతోంది, ఖర్చు పెరుగుతోంది, ఫోన్ చేస్తే ఎత్తట్లేదు, మీ మీద నమ్మకం తగ్గుతోంది అని రెండు పేజీలు. అందులో పది వాక్యాలున్నా చెప్పింది ఒకటే. దాన్ని వాక్యం వాక్యంగా విడదీసి ఒక్కోదాని కింద "ఇది నిజం కాదు", "ఆ రోజు వర్షం", "రెండుసార్లు నేనే చేశాను" అని రాసుకుంటూ పోతే ప్రతి జవాబూ విడిగా నిజమే కావచ్చు. కానీ చదివేవాళ్లకి అది కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లా ఉంటుంది. మీ మాటకి కూడా వరస ఉండదు, ఆయన మాటల మధ్య ముక్కలుగా ఇరుక్కుపోతుంది. ఇలాంటి మెయిల్‌కి పైన, మీ వరసలో, మీ పేరాలతో పూర్తి ఉత్తరం రాయండి. ఆయన వాక్యం ఏదైనా యథాతథంగా కావాలంటే మీ పేరాలోనే కోట్ చేయండి. ఆయన మెయిల్ మొత్తం కింద అలాగే ఉండనివ్వండి. అక్కడ కత్తిరింపు మొదలుపెడితే "నాకు అనుకూలంగా లేనివి తీసేశాడు" అనే మాట వస్తుంది. డిజైన్ ఇలా ఎందుకు ఉండాలో వివరిస్తూ ఎవరైనా రాసిన పొడుగు మెయిల్‌కి కూడా ఇదే పద్ధతి. వాదనకి వాదనతో జవాబివ్వాలి, ముక్కలతో కాదు.

ఇక పరికరాల దగ్గర జరిగే పొరపాట్లు. మన ఆఫీసుల్లో ఇన్‌లైన్ అంటే "నా జవాబులు ఎర్ర రంగులో ఉన్నాయి, చూడండి" అనడం. రంగు మీద ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. అవతలి ప్రోగ్రామ్ మెయిల్‌ని మామూలు టెక్స్ట్‌గా చూపిస్తే రంగు పోతుంది, బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీస్తే పోతుంది, రంగులు సరిగా కనిపించనివాళ్లకి మొదటినుంచీ లేదు. రంగు పోయాక ప్రశ్నా జవాబూ ఒకే పేరాలో కలిసిపోతాయి. క్లాసిక్ అవుట్‌లుక్‌లో దీనికి మంచి సదుపాయం ఉంది: File > Options > Mail లోకి వెళ్లి Preface comments with టిక్ చేసి మీ పేరు ఇస్తే, పాత మెయిల్ మధ్యలో ఎక్కడ టైప్ చేసినా ముందు మీ పేరు బ్రాకెట్లలో పడుతుంది. రంగు పోయినా పేరు మిగులుతుంది. అదే పేజీలో Prefix each line of the original message అనేది ఎంచుకుంటే, మామూలు టెక్స్ట్ మెయిల్స్‌లో పాత లైన్ల ముందు > కూడా వస్తుంది.

జీమెయిల్‌లో రిప్లై నొక్కాక కింద కనిపించే మూడు చుక్కల మీద నొక్కితే పాత మెయిల్ తెరుచుకుంటుంది. దానికి ఎడమ పక్క నిలువు గీత ఉంటుంది. ప్రశ్న చివర కర్సర్ పెట్టి ఎంటర్ కొట్టాక మీరు టైప్ చేస్తున్న చోట ఆ గీత ఇంకా ఉందేమో చూడండి. ఉందంటే మీ మాట కూడా కోట్ లోపలే పడుతోంది, అవతల చదివేవాళ్లకి అది ఆయన మాటలాగే కనిపిస్తుంది. లైన్ మొదట్లో బ్యాక్‌స్పేస్ నొక్కో, Ctrl+[ నొక్కో గీత బయటికి వచ్చి రాయండి. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో ఈ బాధ లేదు, ఎంటర్ కొడితే కోట్ రెండుగా విడిపోతుంది. ఇంకో మంచి గుణం, రిప్లై నొక్కేముందు మౌస్‌తో కొంత భాగం సెలెక్ట్ చేస్తే అంతే కోట్ అవుతుంది, కత్తిరించే పని తప్పుతుంది. ఆపిల్ మెయిల్‌లో కూడా ఇలాగే చేయవచ్చు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. 102 కేబీ దాటిన మెయిల్‌ని జీమెయిల్ అక్కడికి కోసేసి, కింద "Message clipped" అని చూపిస్తుంది. నెలల తరబడి కత్తిరించకుండా పెరిగిన ట్రెయిల్‌కి, అందులోనూ ప్రతి సంతకం కింద టేబుళ్లు, రకరకాల ఫాంట్లు ఉన్నదానికి, ఆ హద్దు దాటడం కష్టం కాదు. తెలుగులో రాస్తే ఇంకా త్వరగా దాటుతుంది, కంప్యూటర్లు అక్షరాలు దాచే UTF-8 పద్ధతిలో తెలుగు అక్షరాల కోడ్ ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది, ఇంగ్లీషుకి ఒకటి చాలు. పైన రాసినవాళ్లకి దీనివల్ల నష్టం లేదు, తెగేది పాత భాగమే. ఇన్‌లైన్‌లో రాసేవాళ్లకి మాత్రం ఆఖరి జవాబులే తెగిపోవచ్చు. కాబట్టి ఇన్‌లైన్‌లో రాసేటప్పుడు మీరు జవాబిస్తున్న ఒక్క మెయిల్ కంటే కిందికి ఏదీ ఉంచకండి.

ఇన్‌లైన్ ఎంతవరకు సాగాలి అంటే, రెండు రౌండ్లు. మీరు మధ్యలో రాశారు, ఆయన మీ జవాబు మధ్యలో రాశారు, అక్కడిదాకా బాగానే ఉంటుంది. మూడోసారికి లైన్ల ముందు >>> చేరి, ఏ మాట ఎవరిదో ఎవరికీ తెలియదు. అప్పటికి తేలినవీ తేలనివీ కలగలిసి ఉంటాయి. మూడో రౌండ్‌లో పాతదంతా తీసేసి కొత్తగా రాయండి: మెట్లు బయటికే అనుకున్నాం, స్లాబ్ 18న, నీళ్ల రిపోర్ట్ ఇంకా రావాలి, బిల్లు పేరు మీద మీ మాట కోసం చూస్తున్నాను, ఇలా. రేపు గొడవ వచ్చినా, మీ బాస్ అడిగినా చూపించాల్సిన మెయిల్ అదే అవుతుంది కాబట్టి తేదీతో సహా రాయండి.

మీ బాస్ ఇంకా ఒప్పుకోకపోతే, లేదా మీ ఇద్దరి ప్రోగ్రాముల మధ్య ఇన్‌లైన్ చెదిరిపోతుంటే, మూడో దారి ఉంది. ఆయన ప్రశ్నల్ని కాపీ చేసి మీ జవాబు భాగంలోనే పైన పేస్ట్ చేయండి. ఒక్కోదానికి నెంబరు ఇచ్చి కింద జవాబు రాయండి. పాత మెయిల్ మొత్తం అడుగున ముట్టుకోకుండా ఉంటుంది. టైపింగ్ కాస్త ఎక్కువ, కానీ ఏ ఫోన్‌లో తెరిచినా చెదరదు, మీ బాస్‌కి పైన రాసినట్టే ఉంటుంది, క్లయింట్‌కి ఏ జవాబు దేనికో తెలుస్తుంది. క్లయింట్‌కి కూడా ఒక మాట చెప్పి చూడండి: ఈసారి నుంచి ప్రశ్నలకు మీరే నెంబర్లు వేసి పంపండి సార్ అని. ఆయన వేశారంటే పైన రాసినా, మధ్యలో రాసినా ఒకటి తప్పిపోతే నెంబర్ల వరసలోనే దొరికిపోతుంది.